గోడ మీద వేసినట్టే లోగో కనిపించాలంటే: డిస్‌ప్లేస్‌మెంట్ మ్యాప్ ఎంతవరకు పనికొస్తుంది?

గోడ మీద లోగోనో, పెద్ద బొమ్మనో వేయించే ముందు అది ఎలా ఉంటుందో ఫొటోలో చూపించమని అడగడం మామూలే. దానికి చాలామంది డిజైనర్లు ఒకే పద్ధతి పాటిస్తారు. గోడ ఫొటోను నలుపు తెలుపు చేసి PSDగా దాచుకుంటారు. లోగో లేయర్ మీద ఫొటోషాప్‌లో Filter > Distort > Displace నొక్కి, 10, 10 అని ఉన్న అంకెలను అలాగే వదిలేసి, ఆ PSDని చూపిస్తారు. తర్వాత లేయర్‌ను Multiplyలో పెడతారు. ఒక్కోసారి ఫలితం అచ్చంగా పెయింటర్ వేసినట్టే ఉంటుంది. ఒక్కోసారి అక్షరాలు నీళ్ళలో కదులుతున్నట్టు వంకర్లు పోతాయి. గుండ్రటి స్తంభం మీదైతే లోగో గాలిలో అంటించిన స్టిక్కర్‌లా తేలుతుంది.

ఒకే పద్ధతి ఇన్ని రకాల ఫలితాలు ఇవ్వడానికి కారణం ఉంది. గోడ మీద బొమ్మ నమ్మదగినట్టు కనిపించాలంటే మూడు వేర్వేరు సంగతులు కుదరాలి: గోడ మొత్తం ఆకారం, దాని మీది చిన్న ఎత్తుపల్లాలు, దాని మీద పడే వెలుగు. డిస్‌ప్లేస్‌మెంట్ మ్యాప్ పని రెండోదానికే. మొదటిదాన్నీ మూడోదాన్నీ కూడా దాని నెత్తినే వేస్తే తేడాలొస్తాయి.

## మ్యాప్ చదివేది వెలుగును, లోతును కాదు

డిస్‌ప్లేస్‌మెంట్ మ్యాప్ అంటే లోగోలోని ఒక్కో పిక్సెల్‌ను ఎటు, ఎంత జరపాలో చెప్పే మరో బొమ్మ. ఆ బొమ్మలో ప్రతి చుక్కకూ 0 నుంచి 255 వరకు ఒక విలువ ఉంటుంది. 0 అంటే నలుపు, 255 అంటే తెలుపు, 128 అంటే సరిగ్గా నడిమి బూడిద రంగు. 128 ఉన్నచోట ఏమీ కదలదు. అంతకన్నా ముదురుగా ఉన్నచోట బొమ్మ కుడికి, కిందికి జరుగుతుంది. లేతగా ఉన్నచోట ఎడమకు, పైకి జరుగుతుంది. Scale అంకెకు ముందు మైనస్ పెడితే దిశ తిరగబడుతుంది. ఎంత జరుగుతుందో ఫొటోషాప్‌లో ఇలా లెక్కేసుకోవచ్చు:

```
పిక్సెళ్ళు = (మ్యాప్ విలువ - 128) × Scale / 100
```

అంటే Scale 100 పెడితే అత్యధికంగా 128 పిక్సెళ్ళు, 10 పెడితే దాదాపు 13 పిక్సెళ్ళు జరుగుతుంది. మ్యాప్‌లో ఒకే చానల్ ఉంటే అదే అడ్డానికీ నిలువుకూ పనిచేస్తుంది కాబట్టి బొమ్మ ఐమూలగా కదులుతుంది. RGB మ్యాప్ ఇస్తే మొదటి చానల్ అంటే ఎరుపు అడ్డం కదలికను, రెండోది అంటే ఆకుపచ్చ నిలువు కదలికను నడిపిస్తాయి.

ఈ లెక్కలో లోతు అన్న మాటే లేదు. గోడ ఎక్కడ ఉబ్బిందో, ఎక్కడ లోపలికి పోయిందో ఫిల్టర్‌కు తెలియదు. ముదురుగా ఉంటే గుంట, లేతగా ఉంటే ఉబ్బు అని మనమే దానికి చెబుతున్నాం. గోడ మీద చెట్టు నీడ పడితే అది గుంట అయిపోతుంది. పాత పోస్టర్ చించిన తెల్ల మచ్చ ఉబ్బు అవుతుంది. వానకు పాకిన నాచు, తాంబూలం మరక, చెరిపేసిన పాత రాతలు, అన్నీ లోగోను అటూ ఇటూ తోస్తాయి.

ఇంకో ఇబ్బంది త్వరగా కంటికి అందదు. ఎండ ఒక పక్క నుంచి వాలుగా పడే గోడ మీద వెలుగు ఎత్తును చూపదు, వాలును చూపుతుంది. ఒక ఉబ్బుకు ఎండ వైపు అంచు మెరుస్తుంది, అవతలి అంచు నల్లబడుతుంది, ఉబ్బు నడినెత్తి మాత్రం మామూలుగానే ఉంటుంది. మ్యాప్ దీన్ని పక్కపక్కనే ఒక ఉబ్బూ ఒక గుంటా అని చదువుతుంది. ముతక గిలాబు చేసిన గోడలో గరుకు ఎలాగూ క్రమం లేకుండా ఉంటుంది కాబట్టి కన్ను దీన్ని పట్టించుకోదు. ఇటుక వరసల్లాంటి తిన్నని గీతలున్నచోట వెంటనే పట్టేస్తుంది.

## ఎంత జరగాలి? ఒక ఇటుక గోడ లెక్క

గిలాబు లేని ఇటుక గోడ తీసుకుందాం. మాడ్యులర్ ఇటుకకు సిమెంటు మాలు కలిపితే ఒక్కో వరస ఎత్తు 100 మిల్లీమీటర్లు. ఫొటోలో ఒక వరస నిలువుగా 60 పిక్సెళ్ళు వచ్చిందనుకుందాం. అంటే మిల్లీమీటరుకు 0.6 పిక్సెల్. ఇటుకల మధ్య సందు వెడల్పు 10 మిల్లీమీటర్లు, అంటే 6 పిక్సెళ్ళు. సందు లోపలికి గీకి ఉంది, లోతు కూడా 10 మిల్లీమీటర్లే అనుకుందాం.

పెయింటర్ గోడకు ఎదురుగా నిలబడి తిన్నని గీత గీశాడు. కెమెరా కూడా సరిగ్గా ఎదురుగా ఉంటే ఆ గీత సందులోకి దిగినా ఫొటోలో తిన్నగానే కనిపిస్తుంది. లోతు కెమెరా చూసే దిశలోనే ఉంది కాబట్టి పక్కకు జరిగినట్టు కనిపించదు. ఎదురుగా తీసిన ఫొటోలో నిజమైన జరుగుడు దాదాపు సున్నా. చాలా ట్యుటోరియల్స్ చెప్పకుండా వదిలేసే సంగతి ఇది. ఎదురుగా తీసిన ఇటుక గోడ మీద అక్షరాలు వంకర్లు పోవడం చూస్తే ఏదో తప్పనిపించేది ఇందుకే.

కెమెరా పక్కకు జరిగి, గోడను 30 డిగ్రీల ఏటవాలుగా చూస్తే అప్పుడు జరుగుడు కనిపిస్తుంది. అది లోతును ఆ కోణం సైన్‌తో గుణిస్తే వచ్చేంత. సైన్ 30 డిగ్రీలు 0.5 కాబట్టి 10 × 0.5 = 5 మిల్లీమీటర్లు, ఫొటోలో 3 పిక్సెళ్ళు. ఎటు? సందులో పడిన రంగు కెమెరా ఉన్న వైపుకు జరిగినట్టు కనిపిస్తుంది. ఫొటోలో ఇటుకలు ఏ పక్కన పెద్దగా కనిపిస్తే కెమెరా ఆ పక్కన ఉన్నట్టు.

ఇప్పుడు అంకె వేద్దాం. మ్యాప్‌లో సందు విలువ 60, ఇటుక విలువ 128 అనుకుంటే తేడా 68. మూడు పిక్సెళ్ళు జరగాలంటే Scale 4.4 రావాలి. 4 పెడితే 2.7 పిక్సెళ్ళు వస్తుంది, అది చాలు. కెమెరా కుడి పక్కన ఉంటే Horizontal Scale 4, ఎడమ పక్కన ఉంటే -4. కెమెరా గోడ మీది బొమ్మ ఎత్తులోనే ఉంటే నిలువు జరుగుడు ఉండదు, Vertical Scale 0. రెండో అంతస్తు గోడను కింద నుంచి తీస్తే మాత్రం సందులు కిందికి జరగాలి, అక్కడ Vertical Scaleకు ప్లస్ అంకె కావాలి.

మొదట వదిలేసిన 10, 10 ఇక్కడ ఏం చేస్తుందో చూడండి. సందులోని రంగు 6.8 పిక్సెళ్ళు పక్కకు, మరో 6.8 పిక్సెళ్ళు కిందికి జరుగుతుంది. సందు వెడల్పే 6 పిక్సెళ్ళు. నీళ్ళలో కదిలినట్టు ఉండే ఆ రూపం ఇక్కడి నుంచే వస్తుంది.

## మ్యాప్ తయారీ: ఎర్ర ఇటుక దగ్గర ఎక్కువగా పొరబడే చోటు

ఎర్ర ఇటుక గోడను మామూలుగా నలుపు తెలుపు చేస్తే ఇటుక ముదురుగా, బూడిద రంగు సిమెంటు సందు లేతగా వస్తుంది. లోతుగా ఉన్న సందు మ్యాప్‌లో ఉబ్బుగా మారి, మొత్తం కదలిక తలకిందులవుతుంది. దీనికి Invert చేయడం ఒక దారి. అంతకన్నా మంచిది ఎరుపు చానల్ వాడుకోవడం. ఎర్ర ఇటుక ఎరుపు చానల్‌లో లేతగా ఉంటుంది, సిమెంటు చాలాసార్లు దానికన్నా కాస్త ముదురుగా ఉంటుంది. సందులో పడే నీడ కూడా కలిసి అసలు లోతుకు దగ్గరగా వస్తుంది. ఫొటో నకలు మీద Channel Mixer తెరిచి, Monochrome టిక్ పెట్టి, Red 100, Green 0, Blue 0 ఇస్తే సరి.

Image > Mode > Grayscaleకు వెళ్ళకుండా RGBలోనే ఉండటం ఇక్కడ మంచిది. Grayscaleకు మార్చేటప్పుడు డాట్ గెయిన్ లాంటి ప్రొఫైల్ అడ్డొచ్చి విలువలు మారిపోతాయి. 128గా ఉన్న నడిమి బూడిద ఇంకో అంకె అయిపోతుంది. అప్పుడు ఎత్తుపల్లాలు లేని చోట కూడా లోగో కొద్దిగా పక్కకు పోతుంది.

తర్వాత Filter > Other > High Pass. ఇది ఫొటోలోని పెద్ద నీడలనూ మరకలనూ తీసేసి, చిన్న వివరాలను 128 చుట్టూ నిలబెడుతుంది. రేడియస్ సందు వెడల్పుకు మూడింతలు, అంటే ఈ గోడకు 18 నుంచి 20 పిక్సెళ్ళు, పెడితే సందులు మిగులుతాయి, చెట్టు నీడ చాలావరకు పోతుంది. నీడ పదునైన అంచు మాత్రం గీతలా మిగులుతుంది. దాన్ని 128 బూడిద రంగు బ్రష్‌తో చెరిపేయాలి. ఆ తర్వాత Gaussian Blur 1.5 లేదా 2 పిక్సెళ్ళు. ఫొటోలోని నాయిస్, JPEG గళ్ళు మ్యాప్‌లోకి రాకుండా ఉండటానికి ఇది. లోగో అంచులు పళ్ళతో కొరికినట్టు సన్నగా చిట్లితే బ్లర్ తక్కువైందని గుర్తు. అక్షరం నిలువు గీత మెలికలు తిరుగుతూ జెల్లీలా ఊగితే Scale ఎక్కువైందని గుర్తు.

గోడ మరీ మురికిగా ఉంటే ఫొటోను నమ్ముకోకుండా మ్యాప్ చేత్తో గీయడమే నా లెక్కలో నయం. ఖాళీ లేయర్‌ను 128 బూడిదతో నింపి, ఫొటోలోని సందుల మీదుగా 60 విలువ ఉన్న గీతలు గీసి, 2 పిక్సెళ్ళు బ్లర్ చేస్తే చాలు. లోగో ఉన్నంత మేరకు గీస్తే సరిపోతుంది. మరకలు, నీడలు ఏవీ ఇందులోకి రావు, ఎంత జరుగుతుందో ముందే తెలుస్తుంది.

మ్యాప్ ఫొటోతో పిక్సెల్‌కు పిక్సెల్ సరిపోవాలి. మ్యాప్ దాచాక ఫొటోను క్రాప్ చేసినా, చిన్నది చేసినా Stretch To Fit మ్యాప్‌ను సాగదీసి సర్దేస్తుంది, ఏ హెచ్చరికా రాదు. సందు ఒకచోట, వంకర మరోచోట కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే. Undefined Areas దగ్గర Repeat Edge Pixels ఎంచుకోవాలి. Wrap Around వదిలేస్తే, ఫ్రేమ్ అంచుకు తగిలే బొమ్మ ముక్కలు ఎదుటి అంచులో మొలుస్తాయి.

పర్‌స్పెక్టివ్ సరిచేయడం ముందు, డిస్‌ప్లేస్ తర్వాత. మ్యాప్ ఫొటోలో కనిపించే గోడకు చెందినది కాబట్టి లోగో ముందు ఆ గోడ తలంలో కూర్చోవాలి. నాలుగు మూలలను ఇటుక వరసలతో కలుపుతూ Distort చేసి, ఆ తర్వాతే ఫిల్టర్ వేయాలి. లోగో స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా ఉంటే ఈ వరస దానంతటదే కుదురుతుంది, తర్వాత మూలలు సర్దినా ఫిల్టర్ మళ్ళీ లెక్కేసుకుంటుంది.

## రాళ్ళ గోడ దగ్గర లెక్క మారుతుంది

మన ప్రాంతంలో ప్రహరీలకు వాడే రాతి కట్టడంలో రాళ్ళు గోడ ముఖం నుంచి 40 మిల్లీమీటర్ల దాకా బయటికి రావచ్చు. అదే కోణం, అదే ఫొటో కొలత అయితే జరుగుడు 40 × 0.5 × 0.6 = 12 పిక్సెళ్ళు. ఇటుక గోడలో డిస్‌ప్లేస్ వేయకపోయినా ఎవరూ గమనించకపోవచ్చు. ఇక్కడ వేయకపోతే మాత్రం లోగో గోడకు అంటినట్టే ఉండదు.

కానీ రాతి గోడ ఫొటో మ్యాప్‌గా ఇంకా పనికిరానిది. గ్రానైట్‌లో నల్లటి, తెల్లటి చుక్కలు రాయి రంగే తప్ప ఎత్తుపల్లాలు కావు. ఒక రాయి ముదురుగా, పక్క రాయి లేతగా ఉంటే ఆ రెండూ వేర్వేరు దిశల్లో లాగుతాయి. రాళ్ళ మధ్య సిమెంటు పాయింటింగ్ కొన్నిచోట్ల తాడులా పైకి ఉబ్బి ఉంటుంది, కొన్నిచోట్ల లోపలికి దిగి ఉంటుంది. రెండూ ఫొటోలో ఒకేలా లేతగా కనిపిస్తాయి. ఇలాంటి చోట ఒక్కో రాయిని విడిగా సెలెక్ట్ చేసి, ఎంత బయటికి వచ్చిందో అంచనా వేసి 140 నుంచి 220 మధ్య ఒక విలువ నింపి, 4 నుంచి 6 పిక్సెళ్ళు బ్లర్ చేసిన మ్యాప్ ఫొటో మ్యాప్ కన్నా ఎంతో మెరుగు. బ్లర్ ఎక్కువ ఎందుకంటే రాళ్ళ అంచులు గుండ్రంగా ఉంటాయి, విలువ ఒక్కసారిగా మారితే లోగో ముక్కలుగా తెగిపోతుంది.

## గుండ్రటి గోడ: ముందు వార్ప్, తర్వాతే మ్యాప్

స్తంభం, ఓవర్‌హెడ్ ట్యాంకు, మెట్ల గది వంపు, ఇవి ఆకారానికి సంబంధించిన సమస్యలు. ఫొటో వెలుగుతో చేసిన మ్యాప్ వీటిని పరిష్కరించలేదు. స్తంభం ఎండ వైపు తెల్లగా, నీడ వైపు నల్లగా ఉంటుంది. అది వంపును కాదు, సూర్యుడు ఎటున్నాడో చెబుతుంది. ఆ మ్యాప్ లోగోను ఎడమ కుడి సమానంగా నొక్కకుండా ఒక పక్కకు ఒంగదీస్తుంది.

అసలు జరిగేది జ్యామితి. 600 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న స్తంభం మీద 400 మిల్లీమీటర్ల వెడల్పు లోగో వేశారనుకుందాం. మధ్య నుంచి ఒక్కో పక్కకు 200. వ్యాసార్థం 300తో భాగిస్తే 0.667 రేడియన్లు, అంటే సుమారు 38 డిగ్రీలు. దూరం నుంచి ఎదురుగా చూస్తే సగం లోగో 300 × సైన్ 38 డిగ్రీలు, అంటే 185 మిల్లీమీటర్లే కనిపిస్తుంది. మొత్తం లోగో 400 బదులు 371. ఇందులో ఎక్కువ నొక్కుడు అంచుల్లోనే ఉంటుంది. మధ్య అక్షరానికి వెడల్పు తగ్గదు, చివరి అక్షరం కొస దగ్గర 21 శాతం సన్నబడుతుంది. అదే లోగో 600 వెడల్పు ఉంటే కోణం 57 డిగ్రీలకు పోయి, చివరి అక్షరం కొస దాదాపు సగానికి నలుగుతుంది. ఎదురుగా ఒక్క చూపులో చదవాల్సిన పేరు ఇంత వెడల్పుగా వేయకూడదని మాకప్ దశలోనే తెలిసిపోయేది ఈ లెక్కతోనే.

ఈ నొక్కుడును Edit > Transform > Warpతో తేవాలి. ఇటీవలి ఫొటోషాప్‌లో అందులోనే Cylinder ఎంపిక ఉంటుంది. లోగో పై గీత, కింది గీత ఎంత వంగాలో ఫొటోయే చెబుతుంది. కంటి మట్టానికి పైన ఉన్న గుండ్రటి అంచులు మధ్యలో పైకి ఉబ్బుతాయి, కింద ఉన్నవి మధ్యలో కిందికి జారతాయి. ట్యాంకు కప్పు అంచునో, స్తంభం చుట్టూ ఉన్న గాడినో ఆధారంగా పెట్టుకుంటే సరిపోతుంది. ఇంత చేశాక, గిలాబు గరుకు కోసం Scale 2 లేదా 3తో High Pass మ్యాప్ వేయవచ్చు.

వంపును కూడా మ్యాప్‌తోనే చేయలేమా అంటే, చేయవచ్చు. జరుగుడును చోటుచోటుకూ లెక్కగట్టి గ్రేడియంట్‌గా గీయాలి. పైన చెప్పిన స్తంభంలో అంచు దగ్గర 200కూ 185కూ తేడా 15 మిల్లీమీటర్లు, అది పెద్ద పని కాదు. పెద్ద ట్యాంకు దగ్గరే ఇరుక్కుంటుంది. 100 పిక్సెళ్ళు జరగాల్సి వచ్చి Scale దాదాపు 100 పెడితే, 8 బిట్ మ్యాప్‌లో ఒక్కో బూడిద మెట్టుకు ఒక పిక్సెల్ చొప్పున గెంతుతుంది. వాలు గీతలు మెట్లు మెట్లుగా వస్తాయి. చిన్న జరుగుడుకు 256 మెట్లు చాలా ఎక్కువ, పెద్ద జరుగుడుకు చాలా తక్కువ.

## రంగు గోడలో కలవడం

వంకర్లన్నీ సరిపోయినా లోగో స్టిక్కర్‌లా కనిపిస్తే లోపం వెలుగులో ఉంది. ముదురు రంగు లోగోకు Multiply బాగా కుదురుతుంది, గోడ నీడలు దాని గుండా కనిపిస్తాయి. తెల్ల లోగోకు అదే Multiply ఇస్తే లోగో మాయమైపోతుంది, తెలుపు దేన్నీ ముదురు చేయదు కదా. అక్కడ లోగోను Normalలోనే ఉంచి, గోడ నలుపు తెలుపు నకలును దాని మీద క్లిప్ చేసి Multiply పెట్టాలి. ముందు Levelsతో ఆ నకలును బాగా లేతగా చేయాలి, లేకపోతే తెలుపు బూడిదగా మారుతుంది. ఆ పైన Blending Optionsలో Blend If కింద Underlying Layer నల్ల స్లయిడర్‌ను Alt పట్టుకుని చీల్చి, 20, 60 దగ్గర పెడితే సందుల్లోని గాఢమైన నీడలు లోగో మీదికి వస్తాయి.

లోగో తెలుపును 255 వద్ద వదలకూడదు. ఫొటోలో సున్నం వేసిన గోడో, తెల్ల బోర్డో అదే వెలుగులో ఉంటే దాని విలువ చూసి అంతే పెట్టాలి. లోగో అంచుకు అర పిక్సెల్ బ్లర్ కూడా కావాలి. లెన్స్ గుండా వచ్చిన గోడలో అంత పదునైన గీత ఎక్కడా ఉండదు.

## డిస్‌ప్లేస్ అక్కర్లేదనేవాళ్ళు, 3D కావాలనేవాళ్ళు

వెలుగు కుదిరితే చాలు, డిస్‌ప్లేస్ దండగ అనే డిజైనర్లు ఉన్నారు. ఎదురుగా తీసిన ఇటుక లేదా గిలాబు గోడ విషయంలో వాళ్ళ మాట నిజమేనని పై లెక్కే చూపుతోంది. Blend If ఒక్కటే అక్కడ ఎక్కువ పని చేస్తుంది. రాతి గోడ, ఏటవాలు ఫొటో, ముడతల షట్టర్ దగ్గర ఆ వాదన నిలవదు.

ఇంకో వైపు, అసలు ఫొటో మీద ఇంత లెక్క ఎందుకు, బ్లెండర్‌లో గోడను 3Dలో కట్టి, కెమెరా కోణం కలిపి, లోగోను దాని మీదికి ప్రొజెక్ట్ చేయొచ్చు కదా అంటారు. వంపు, పర్‌స్పెక్టివ్ రెండూ కచ్చితంగా వస్తాయి, ఒకే గోడను నాలుగు కోణాల నుంచి చూపించాల్సి వస్తే అదే సరైన దారి. కానీ గోడ కొలతలు చేతిలో ఉండాలి, రాళ్ళ ఎత్తుపల్లాలను అక్కడా ఎవరో ఒకరు అంచనా వేయాల్సిందే. ఒక్క ఫొటో, ఒక్క కోణం, సాయంత్రానికి క్లయింట్‌కు పంపాలి అంటే వార్ప్, చేత్తో గీసిన మ్యాప్, Blend If కలిపి త్వరగా అయిపోతాయి.

ఏ దారిలో చేసినా, జరిపిన ఫైలు పెయింటర్‌కు గానీ వినైల్ ప్రింటర్‌కు గానీ వెళ్ళకూడదు. వాళ్ళకు కావలసింది వంకర లేని అసలు వెక్టర్ ఫైలు, గోడ కొలతలు, గుండ్రటి గోడైతే వంపు వెంట టేపుతో కొలిచిన వెడల్పు. పై స్తంభానికి ఆ కొలత 400. మాకప్‌లో కనిపించే 371ని కొలిచి స్టెన్సిల్ కోయిస్తే స్తంభం మీద లోగో 29 మిల్లీమీటర్లు ఇరుకవుతుంది.